క్లాసులో పేలు: ఇంటికి పంపే చీటీలో ఏం రాయాలి?

"మన క్లాసులో ఒకరి తలలో పేలు కనిపించాయి. ఎవరికో దయచేసి అడగకండి. ఈ రాత్రి మీ పిల్లల తల ఒకసారి చూడండి. ఉంటే మందు రాసి, మర్నాడు మామూలుగానే బడికి పంపండి." టీచర్ ఈ నాలుగు మాటలు రాస్తే చాలు.

పేరు రాయకపోవడం మర్యాద కోసమే కాదు. మొదటిసారి పేలు పట్టినవాళ్లకు దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. ఈ రోజు గోక్కుంటున్న పాపకు అవి పోయిన నెల పెళ్లింట్లో, పిన్ని కూతురితో తలలు ఆనించి పడుకున్నప్పుడే ఎక్కి ఉండొచ్చు. అందుకే ముందు ఎవరు గోక్కున్నారన్నదాన్ని బట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చాయో చెప్పలేం. పేను ఎగరదు, దూకదు. తలకు తల తగిలితే పాకుతుంది. రోజూ తలంటుకునే ఇంటి పిల్లలకూ పడుతుంది.

చూడటం ఎలా? జుట్టు తడిపి, కండిషనర్ పట్టించి, చిక్కు తీయండి. పేల దువ్వెనను మాడుకు ఆనించి చివరి దాకా లాగండి. ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిస్తే పేను ఉందో లేదో తెలుస్తుంది. చెవుల వెనక, మెడ పైన తప్పకుండా చూడాలి. తెల్లగా కనిపించేదల్లా ఈపి కాదు. చుండ్రు దులిపితే రాలుతుంది, ఈపి వెంట్రుకను అంటిపెట్టుకుని ఉంటుంది. కదిలే పేను కనిపిస్తేనే మందు.

మందుల షాపులో 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ అడగండి. గజ్జికి రాసే 5 శాతం క్రీము వేరు. కండిషనర్ లేని షాంపూతో తలంటి, తడి అద్ది, లోషన్ పట్టించి 10 నిమిషాల తర్వాత కడగాలి. చాలా ఇళ్లలో పని ఇక్కడితో ఆపేస్తారు, పేలు తిరిగొచ్చేది అందుకే. ఈ మందుకు ఈపులన్నీ చావవు. మిగిలినవి వారం, తొమ్మిది రోజుల్లో పొదుగుతాయి. ఆ పిల్లలు ఎదిగి గుడ్లు పెట్టకముందే రెండోసారి రాయాలి. ఈ ఆదివారం రాస్తే, వచ్చే ఆదివారం దాటాక మంగళవారం మళ్లీ రాయండి. మధ్యలో మూడు రోజులకోసారి దువ్వండి. రెండోసారి తర్వాత కూడా పేలు చురుగ్గా తిరుగుతుంటే డాక్టరుకు చూపించాలి. చంటిపిల్లలకైతే ముందే డాక్టరును అడగాలి.

కిరోసిన్ జోలికి పోవద్దు, నిప్పంటుకుంటుంది. సీతాఫలం గింజల పొడి ఇంకా మోసం. నీళ్లతో పాటు జారి కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొర పుండవుతుంది.

ఇల్లంతా కడగనక్కర్లేదు. తల విడిచిన పేను రెండు రోజులకు మించి బతకడం అరుదు. ఈ రెండు రోజులు వాడిన దిండు గలేబులు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికితే సరిపోతుంది. ఆ రాత్రే ఇంట్లో అందరి తలలూ, పాప పక్కన పడుకునే అమ్మమ్మ తలతో సహా, చూడండి.