మీకు తెలుసా? ఎనిమిది మందిలో ఆరుగురు చెప్పినా అది 75 శాతం కాదు

బడిపిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించే ఫోకస్ గ్రూప్ చర్చలో ఎనిమిది మందిలో ఆరుగురు ఒకే మాట అన్నారనుకోండి, దాన్ని శాతంగా రాయకూడదు. అక్కడ లెక్కకు వచ్చేది గుంపే, పిల్లలు విడివిడిగా కాదు. ఒకరి మాట విని మరొకరు మాట్లాడతారు కాబట్టి ఆరు నోళ్ళ నుంచి వచ్చినా అది ఒకే అభిప్రాయం కావచ్చు. 1940లలో అమెరికాలో ఈ పద్ధతికి పునాది వేసినవారిలో ఒకరైన సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ కూడా, ఇందులో దొరికేవి వేరే పద్ధతిలో పరీక్షించాల్సిన ఊహలేనని తర్వాత రాశాడు.

పల్నాడు జిల్లా ముప్పాళ్ళ వైపు ఇలాంటి అధ్యయనం పెడితే ఎలా ఉంటుందో చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణ. ప్రశ్న: మిరప కోతల కాలంలో తొమ్మిదో తరగతి పిల్లలు బడి ఎందుకు మానుతున్నారు?

మొదటి చిక్కు పిల్లలను ఎంచుకోవడంలోనే వస్తుంది. ఫిబ్రవరిలో ఒక రోజు బడికి వెళ్ళి, తరగతిలో ఉన్నవాళ్ళలో ఎనిమిది మందిని పిలిస్తే, మనకు కావలసినవాళ్ళు ఆ రోజు చేలో ఉంటారు. అందుకే హాజరు పట్టీ చూసి, ఎక్కువ రోజులు రానివాళ్ళ పేర్లు తీసి, వాళ్ళకు వీలైన ఆదివారమో సాయంత్రమో కూర్చోవాలి. ఆడపిల్లలది ఒక గుంపు, మగపిల్లలది ఒక గుంపు, ఒక్కో గుంపులో ఆరు నుంచి ఎనిమిది మంది, గంటకు మించకూడదు. తల్లిదండ్రుల అనుమతితోపాటు పిల్లల సమ్మతి కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇక్కడ విన్నది బయట చెప్పకండని అందరినీ అడగవచ్చు గానీ, గుంపులో ఏదీ బయటికి పోదని మాట ఇవ్వలేం. ఆ సంగతి ముందే పిల్లలకు చెప్పాలి. ఎవరైనా లైంగిక వేధింపు బయటపెడితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. అదీ ముందే చెప్పాలి.

గదిలో టీచరు ఉండకూడదు. ఉంటే పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారు: 'చదువు చాలా ముఖ్యం సార్.' టీచరు లేకపోయినా, జవాబు చెప్పే ముందు అందరూ ఒకే పిల్లవాడి మొహం చూస్తున్నారంటే ఆ గుంపును నడిపేది మోడరేటర్ కాదు, వాడే. 'నువ్వు కూలికి వెళ్తావా?' అని సూటిగా అడిగితే తలలు దించుకుంటారు. 'మీ తరగతిలో ఒకడు వారం రోజులు బడికి రాలేదనుకోండి. ఏమై ఉంటుంది?' అని అడగాలి. అప్పుడు ఎవరూ తన సంగతి చెప్పుకోనక్కర్లేకుండా మాట్లాడగలరు.

ఇప్పుడు అసలు ఘట్టం. రికార్డింగ్‌లో ఇలా ఉందనుకోండి:

3వ పిల్లవాడు: ఇంట్లో అప్పుంటే ఎల్తారు సార్.
5వ పిల్లవాడు: అప్పేం లేదు సార్, ఫోన్ కొనుక్కోడానికి! (నవ్వులు)
1వ పిల్లవాడు: అవున్సార్, ఫోన్ కోసమే.

తర్వాత మరో నలుగురు ఫోన్ అన్నారు. మాటలు మాత్రమే లెక్కపెట్టే విశ్లేషకుడు 'అప్పు 1, ఫోన్ 6' అని పట్టిక వేసి, పిల్లలు ఫోన్ కోసమే పోతున్నారని రాసేస్తాడు. కానీ పక్కన కూర్చుని నోట్స్ రాసినవారి కాగితంలో ఇంకో విషయం ఉంది: ఆ నవ్వుల తర్వాత 3వ పిల్లవాడు చివరిదాకా నోరు విప్పలేదు. తెలిసేదేమిటంటే, ఈ గుంపులో ఫోన్ కారణం నవ్వుతూ చెప్పుకోదగ్గది, అప్పు చెప్పుకోలేనిది. ఏది ఎక్కువ మందికి నిజమో మాత్రం ఈ చర్చ చెప్పలేదు. నవ్వులనూ మౌనాలనూ మాటలతోపాటే రాసిపెట్టమనేది ఇందుకే.

మరుసటి గుంపులో పద్ధతి మార్చాలి. ముందు చిన్న చీటీలు ఇచ్చి, పేరు లేకుండా కారణాలు రాయించి, కలిపి, మోడరేటరే చదివి వినిపించాలి. అప్పుడు అప్పు గురించి ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, చర్చ మాత్రం దానిమీద సాగుతుంది. 3వ పిల్లవాడి లాంటివాళ్ళతో, ఇష్టపడితే, విడిగా మాట్లాడాలి. గుంపులు పదుల కొద్దీ అక్కర్లేదు: 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో పరిశోధకులు 40 గుంపుల చర్చలను పరిశీలిస్తే, 80 శాతానికి పైగా అంశాలు మొదటి రెండు మూడు గుంపుల్లోనే వచ్చేశాయి. అయితే ముప్పాళ్ళలో ఆడ, మగ గుంపులను వేరుగా చూస్తాం కాబట్టి ఒక్కోవైపు అన్నేసి కావాలి.

నివేదికలో పేర్లు మారిస్తే సరిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో సుమారు 3,000 మంది పిల్లలతో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం తన నివేదికల్లో ఊళ్ళకు కూడా మారుపేర్లు పెట్టింది. 'తండ్రి లేడు, అక్క గుంటూరులో నర్సింగ్ చదువుతోంది' అని రాస్తే, పేరు లేకపోయినా ముప్పాళ్ళలో ఎవరైనా ఆ ఇంటిని చూపించేస్తారు. అలాంటి వివరాలు తీసేయాలి.