తడి చెంచా తగిలిన జామ్ సీసా

ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వని ఇళ్లలోనే జామ్ సీసాలోకి మాత్రం ఏ చెంచా పడితే అది దిగుతుంది. పాలు కలిపిన చెంచా, రొట్టె పొడి అంటుకున్న చాకు, ఏదైనా సరే. నిజానికి రెండిటికీ సూత్రం ఒక్కటే.

మామూలు జామ్‌లో మూడింట రెండు వంతుల దాకా చక్కెరే. అది నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి బూజుకు కావలసిన తడి దొరకదు. అలాంటి జామ్ మీద నాలుగు నీటి చుక్కలు పడితే సీసా మొత్తం పలచబడదు, పైన సన్నటి పొర ఒక్కటే పలచబడుతుంది. బూజుకు ఆ మాత్రం చాలు. మొదట దూదిపింజంత తెల్లటి మచ్చ కనిపిస్తుంది, తర్వాత అది పచ్చగా మారుతుంది. చాలామంది ఆ మచ్చను గీకేసి మిగతాది వాడేస్తారు. ఇది తప్పు. బూజు దారాలు కంటికి కనపడకుండా లోపలికి దిగుతాయి, కొన్ని రకాలు విషాన్నీ వదులుతాయి. సీసా మొత్తం పారేయాల్సిందే. పొడి చెంచాతో తీస్తూ ఫ్రిజ్‌లో ఉంచితే తెరిచిన జామ్ దాదాపు 6 నెలలు ఉంటుంది. చక్కెర తగ్గించి చేసినవి అంతకాలం ఆగవు. చక్కెర పలుకులు కట్టడం మాత్రం పాడైన గుర్తు కాదు.

కెచప్‌ను కాపాడేది వెనిగర్ పులుపు. ఫ్రిజ్‌లో 6 నెలలు, బయట సుమారు నెల. సీసా మూతి దగ్గర పేరుకున్న నీళ్లు టమాటా నుంచి ఊరినవే, కుదిపి వాడుకోవచ్చు. మూత తీయగానే బుస్సుమని గాలి వచ్చినా, బుడగలు కనిపించినా, కల్లు వాసన కొట్టినా లోపల పులిసిపోయినట్టే.

సోయా సాస్‌కు ఉప్పే రక్ష. బయట ఉన్నా తొందరగా చెడదు కానీ గాలి తగిలేకొద్దీ నల్లబడి, పరిమళం పోతుంది. పైన తెల్లటి తెట్టు కడితే అది ఉప్పుకు తట్టుకునే ఈస్ట్. రుచి చెడిపోతుంది కాబట్టి పారబోయడమే మేలు.

అసలు భయపడాల్సింది మయొనైజ్ గురించి. కంపెనీ సీసా తెరిచాక ఫ్రిజ్‌లో 2 నెలలు వాడుకోవచ్చు. నూనె విడిపోయినా, పసుపు తిరిగినా, ముక్కిన వాసన వచ్చినా తీసేయాలి. పచ్చి గుడ్డుతో చేసినదాని సంగతి వేరు. అందులో సాల్మొనెల్లా పెరిగినా రంగు మారదు, వాసన రాదు, రుచిలో తేడా తెలియదు. ప్రజలు అస్వస్థతకు గురైన ఘటనల తర్వాత 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయొనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. ఇంట్లో చేసుకునేవారు ఉడికించిన గుడ్డుతోనో, గుడ్డు లేకుండానో చేసుకుని, చేసిన తేదీని మూతమీద రాసి, 3 రోజుల్లో ముగించాలి. ఎండాకాలం పార్టీలో గంటకు మించి బల్లమీద ఉండిపోయిన గిన్నెను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టకూడదు.