టూరు అడ్వాన్సు 12,000: లెక్క తేలేదెలా?

హైదరాబాదు బాలానగర్‌లో పంపులు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉందనుకుందాం. విశాఖపట్నంలో ఒక కస్టమర్ దగ్గర పంపు మొరాయించింది. సర్వీసు ఇంజినీరును పంపాలి. వెళ్లడానికి రైలు టికెట్ ఆఫీసే తీసింది. హోటలుకి, తిండికి, ఆటోలకి, తిరుగు ప్రయాణానికి కలిపి 12,000 రూపాయలు అతని బ్యాంకు ఖాతాలో వేసింది.

ఆ 12,000 అప్పటికి కంపెనీకి ఖర్చు కాదు. అది ఇంజినీరు చేతిలో ఉన్న కంపెనీ డబ్బు. అందుకే పుస్తకాల్లో దాన్ని ప్రయాణ ఖర్చుల్లో రాయరు. ఇంజినీరు పేరు మీద స్టాఫ్ అడ్వాన్సు ఖాతా తెరిచి, దానికి 12,000 డెబిట్ వేసి, బ్యాంకుకు క్రెడిట్ ఇస్తారు. ఆ క్షణం నుంచి అతను కంపెనీకి 12,000 లెక్క చెప్పాల్సినవాడు. ఈ ఖాతా సున్నాకు వచ్చినప్పుడే టూరు లెక్క తెగినట్టు.

చాలా చిన్న ఆఫీసుల్లో తప్పు ఇక్కడే పుడుతుంది. ‘ఎలాగూ ఖర్చయ్యేదేగా’ అని అడ్వాన్సు ఇచ్చిన రోజే ప్రయాణ ఖర్చుల్లో రాసేస్తారు. పది రోజుల తరవాత బిల్లులొస్తే వాటినీ ఖర్చుగా ఎక్కిస్తారు. ఒక్క టూరు ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఒకవేళ బిల్లులే రాకపోతే, రాలేదన్న సంగతి పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

ఇంజినీరు నాలుగో రోజు పని ముగించుకుని బస్సెక్కాడు. మర్నాడు సెటిల్‌మెంటు ఫారం నింపి, వెనక బిల్లులు పిన్ చేసి ఇచ్చాడు. మూడు రాత్రుల హోటలు బిల్లు 5,390. నాలుగు రోజుల డీఏ, రోజుకు 400 చొప్పున, 1,600. ఆటోలు 860. బస్సు టికెట్ 1,150. పంపు కోసం అక్కడే కొన్న సీలు 1,430. మొత్తం 10,430. ‘మిగిలింది 1,570 సార్’ అంటూ నోట్లు టేబుల్ మీద పెట్టాడు.

అకౌంటెంటు ఆ నోట్లను వెంటనే తీసుకోడు. ముందు బిల్లులు తిరగేస్తాడు. హోటలు బిల్లులో గది అద్దె రోజుకు 1,600 చొప్పున 4,800, దాని మీద 5 శాతం జీఎస్టీ 240, అడుగున లాండ్రీ 350 ఉన్నాయి. లాండ్రీకి కంపెనీ పాలసీ ఒప్పుకోదు. కాబట్టి హోటలు పద్దు కింద మంజూరయ్యేది 5,040 మాత్రమే. టూరు మొత్తానికి మంజూరైంది 10,080. అంటే ఇంజినీరు తిరిగి కట్టాల్సింది 1,920. తేడా 350 అతని జేబులోంచే రావాలి. ఖర్చు పెట్టిన మొత్తం వేరు, మంజూరైన మొత్తం వేరు. అడ్వాన్సు ఖాతాలోంచి తగ్గేది రెండోదే. ఈ సంగతి బయల్దేరే ముందే చెప్పకపోతే కేషియర్ కిటికీ దగ్గర వాదన తప్పదు.

ఆ 240 జీఎస్టీని క్రెడిట్‌గా తీసుకోవచ్చా అన్న ప్రశ్న వస్తుంది. హోటలు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది కాబట్టి ఆ పన్ను ఆ రాష్ట్రానికి చెందిన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. తెలంగాణలో మాత్రమే రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీకి ఆ క్రెడిట్ రాదు. అది కూడా బస ఖర్చులోనే కలిసిపోతుంది.

ఆటోలకు బిల్లులుండవు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత అన్నది రాసి, కింద సంతకం పెట్టిన కాగితాన్నే చాలా ఆఫీసులు ఒక హద్దు వరకు ఒప్పుకుంటాయి. యూపీఐ స్క్రీన్‌షాట్ జత చేస్తే డబ్బు వెళ్లిందని తెలుస్తుంది కానీ, దేనికి వెళ్లిందో తెలియదు. టోల్ రసీదులు, బస్సు టికెట్లు థర్మల్ కాగితం మీద వస్తాయి. కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. ఆడిటర్ వచ్చేసరికి తెల్ల కాగితమే మిగులుతుంది. వచ్చిన రోజే ఫొటోనో జిరాక్సో తీసి జతచేయడం మేలు.

సీలు సంగతి కొంచెం ప్రత్యేకం. టూరులో కొన్నాడు కదా అని దాన్నీ ప్రయాణ ఖర్చుల్లో కలిపేస్తే కంపెనీ నష్టపోయే వీలుంది. అది విడిభాగం. కస్టమర్‌కు వేసే బిల్లులో చేరాల్సిన 1,430. ప్రయాణ ఖర్చుల్లో దాక్కుంటే బిల్లు వేసే గుమాస్తా కంట్లో పడదు. అందుకే జర్నల్ వోచరులో ప్రయాణ ఖర్చులకు 8,650, విడిభాగాలకు 1,430 విడివిడిగా డెబిట్ వేసి, ఇంజినీరు అడ్వాన్సుకు 10,080 క్రెడిట్ ఇవ్వాలి. టాలీలో ఇది F7. ఆ తరవాత అతను కట్టిన 1,920కి F6 కింద రసీదు వోచరు వేసి, నగదుకు డెబిట్, అడ్వాన్సుకు క్రెడిట్. ఖాతా సున్నా. రసీదు నంబరు ఫారం మీద రాస్తే ఫైలు చూసినవాళ్లకి ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు.

తిరిగొచ్చిన డబ్బును ‘ఇతర ఆదాయం’లో వేసే కేషియర్లూ ఉన్నారు. కంపెనీ తన డబ్బు తాను వెనక్కి తీసుకుంటే ఆదాయం ఎలా అవుతుంది?

ఇప్పుడు కథ కొద్దిగా మారుద్దాం. పంపు మొండికేసి, పని ఆరు రోజులు పట్టింది. ఐదు రాత్రుల హోటలు 8,400, డీఏ 2,400. ఆటో, బస్సు, సీలు లెక్కలు మారలేదు. మంజూరైన మొత్తం 14,240. ఇచ్చింది 12,000. కంపెనీయే ఇంజినీరుకు 2,240 బాకీ.

ఇక్కడ దగ్గర దారి తొక్కాలనిపిస్తుంది. 2,240 అతని ఖాతాలో వేసి, ప్రయాణ ఖర్చులని రాసేస్తే పోలేదా? పోదు. 14,240 ఖర్చయిన చోట పుస్తకంలో 2,240 మాత్రమే కనిపిస్తుంది. ఇంజినీరు పేరు మీద 12,000 అలాగే బాకీగా నిలిచిపోతుంది. దీనికి ఎదురుతప్పు మరోటి: పాత అడ్వాన్సు మరిచిపోయి బిల్లుల మొత్తం 14,240 ఇచ్చేయడం. రెండింటికీ మందు ఒకటే. ముందు మొత్తం 14,240కీ జర్నల్ వేయాలి. అప్పుడు అడ్వాన్సు ఖాతాలో 2,240 క్రెడిట్ నిల్వ తేలుతుంది. ఆ నిల్వనే F5 పేమెంట్ వోచరుతో చెల్లించి ఖాతా మూయాలి. చెల్లించేలోపు మార్చి 31 వచ్చేస్తే, ఆ 2,240 మిగతా అడ్వాన్సులతో కలిసిపోయి వాటి మొత్తాన్ని తగ్గించకూడదు. అది కంపెనీ ఇవ్వాల్సిన బాకీ కాబట్టి అప్పుల వైపు చూపాలి.

ఊళ్లు తిరిగే ఉద్యోగులతో వచ్చే చిక్కు ఇంకోటి. ‘ఆ 1,920 నా దగ్గరే ఉంచండి సార్, సోమవారం మళ్లీ విజయవాడ వెళ్తున్నాగా’ అంటారు. మాట సబబే. కానీ ఇలా మూడు నాలుగు టూర్లు దొర్లితే ఏ బిల్లు ఏ అడ్వాన్సుకు చెల్లో ఎవరికీ గుర్తుండదు. టాలీలో ఆ ఖాతాకు బిల్లువారీ లెక్క పెట్టుకుంటే, ఇచ్చే ప్రతి అడ్వాన్సుకూ టూరు నంబరుతో ‘New Ref’ వేయొచ్చు. సర్దుబాటు చేసేటప్పుడు అదే నంబరు మీద ‘Agst Ref’ వేస్తే ఏ టూరులో ఎంత మిగిలిందో విడిగా కనిపిస్తుంది. పాత టూరు లెక్క తేలనిదే కొత్త అడ్వాన్సు ఇవ్వొద్దన్న నిబంధన చాలా కంపెనీల్లో కాగితం మీద ఉంటుంది. మేనేజరు ఫోను చేసి ‘అర్జెంటు, ఇచ్చేయండి’ అనగానే అది సడలుతుంది. సడలింపు ఇచ్చింది ఎవరో ఫారం మీద రాయించుకునే అకౌంటెంటు తెలివైనవాడు.

మార్చి ఆఖరి టూర్లకు కాస్త ఎక్కువ జాగ్రత్త కావాలి. ఇంజినీరు మార్చి 29న వెళ్లి ఏప్రిల్ 1న తిరిగొస్తే, బిల్లులు ఏప్రిల్‌లో చేతికందినా మూడు రాత్రుల బస, మూడు రోజుల డీఏ పాత సంవత్సరం ఖర్చే. అందుకని మార్చి 31 తేదీతోనే ఆ మేరకు జర్నల్ వేసి, మిగిలిందే అడ్వాన్సుగా కొత్త సంవత్సరంలోకి తెస్తారు. ఆరు నెలలుగా కదలని అడ్వాన్సుల జాబితాను ఆడిటర్ అడిగేదీ ఈ వారంలోనే. అందులో ఉద్యోగం మానేసినవాళ్ల పేర్లు కనిపించాయంటే, ఆఖరి జీతం లెక్క కట్టేటప్పుడు ఆ ఖాతాను ఎవరూ తెరిచి చూడలేదన్నమాట.