బరువైనవన్నీ మునుగుతాయా?

నాలుగేళ్ల పిల్లల్ని ‘నీళ్లలో ఏది మునుగుతుంది?’ అని అడిగితే, ఎక్కువమంది ‘బరువుగా ఉన్నది’ అంటారు. వస్తువు మారిస్తే కారణమూ మారుతుంది. ఇది పెద్దదనీ, అది గట్టిదనీ చెబుతారు. ఒక మాటకూ ఇంకో మాటకూ పొంతన లేకపోయినా వాళ్లకు పట్టదు. స్విస్ మనస్తత్వవేత్త పియాజే కూడా చిన్నపిల్లల జవాబుల్లో ఇదే గమనించారు. అందుకే నీళ్ల టబ్బు ముందు కూర్చున్నప్పుడు చేతికందినవన్నీ వేయించడం కంటే, ‘బరువైతే మునగాలి’ అన్న నమ్మకాన్ని తడబడేలా చేసే వస్తువులను ఏరి, వరుసగా ఇవ్వడం మంచిది.

వెడల్పాటి టబ్బులో 15 సెంటీమీటర్ల లోతున నీళ్లు పోయండి. ముందుగా పీచు తీసిన ముదురు కొబ్బరికాయ, ఒక స్టీలు చెంచా ఇవ్వండి. చెరో చేత్తో పట్టుకుని ఏది బరువో చెప్పమనండి. ఏది మునుగుతుందో కూడా ముందే చెప్పించండి. అలా చెప్పాక చూస్తేనే ఆశ్చర్యం కలుగుతుంది. అరకిలో కొబ్బరికాయ తేలుతుంది, చిన్న చెంచా అడుగుకు పోతుంది. అప్పుడు కాయను చెవి దగ్గర పెట్టి ఊపమనండి. లోపల నీళ్లు కదిలే చప్పుడు వినబడుతుంది. కాయ నిండా నీళ్లుంటే ఆ చప్పుడు రాదు. అంటే లోపల కొంత చోటు ఖాళీగా ఉంది, అక్కడ గాలి ఉంది. అందువల్లే కాయ తన పరిమాణానికి తేలిక.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఏ వస్తువైనా నీళ్లలో దిగితే ఆ మేరకు నీళ్లను పక్కకు నెడుతుంది. నీళ్లు దాన్ని తిరిగి పైకి నెడతాయి. పక్కకు జరిగిన నీళ్ల బరువెంతో ఆ పైకి నెట్టే బలమూ అంతే. చెంచా ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత చోట పట్టే నీళ్ల కంటే ఆ స్టీలు దాదాపు ఎనిమిది రెట్లు బరువు, కాబట్టి నీళ్లు దాన్ని మోయలేవు. పిల్లలకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను అరచేత్తో కిందికి అదమమంటే చాలు. ఎంత లోతుకు నెడితే అంత గట్టిగా ఎదురొస్తుంది. డబ్బా మొత్తం మునిగాక ఆ బలం ఇక పెరగదు.

తర్వాత బత్తాయి. తొక్కతో వేస్తే తేలుతుంది. తొక్క వలిచాక బరువు తగ్గిందిగా, ఇంకా బాగా తేలాలని పిల్లలు అనుకుంటారు. కానీ సాధారణంగా మునుగుతుంది. తొక్కలోని తెల్లటి మెత్తటి పొర నిండా గాలే, తొక్కతో పాటు ఆ గాలీ పోయింది. ఒక్కోసారి వలిచిన పండు కూడా తేలుతుంది. తొనల మధ్య గాలి చిక్కుకుందన్న మాట. తొనలు విడదీసి వేసి చూడండి.

చివరగా బొమ్మలు చేసుకునే మైనపు క్లే. నిమ్మకాయంత ఉండ వేస్తే మునుగుతుంది. అదే ఉండను పలచగా నొక్కి, అంచులు పైకి లేపి గిన్నెలా చేసి నెమ్మదిగా నీళ్ల మీద పెడితే తేలుతుంది. క్లే పెరగలేదు, తరగలేదు. గిన్నె ఆకారంలో అది ఎక్కువ నీళ్లను పక్కకు నెట్టగలిగింది, అంతే. పిల్లలు చేసిన గిన్నె తరచూ మునుగుతుంది. గోడలు మందంగా ఉన్నాయా, అంచు మీదుగా నీళ్లు వచ్చాయా, చిల్లి పడిందా అని వాళ్లనే వెతకనివ్వండి. గోధుమపిండి ముద్ద వాడితే నీళ్లలో మెత్తబడి విడిపోతుంది.

కొన్ని వస్తువులు పెద్దవాళ్లనూ తికమక పెడతాయి. స్పాంజి మొదట తేలి, నీళ్లు పీల్చేకొద్దీ దిగిపోతుంది. నలిపిన అల్యూమినియం కాగితం మడతల్లో గాలి ఉండి తేలుతుంది. దాన్నే గాలి పోయేలా గట్టిగా చదును చేస్తే మునుగుతుంది. అనుకోనిది జరిగినప్పుడు ‘గాలి ఎక్కడుందో చూద్దాం’ అని వస్తువును నీళ్లలోనే పిండి చూపించండి. బుడగలు పైకి వస్తాయి.

గోలీలు, చింతగింజలు, బటన్ బ్యాటరీలు టబ్బు దగ్గరకు రానివ్వకండి, పిల్లలు మింగేస్తారు. కొద్దిపాటి నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే చేతికందే దూరంలో పెద్దవాళ్లు ఉండాలి, ఆట ముగియగానే నీళ్లు పారబోయాలి.

పిల్లలకు ఎంత అర్థమైందో తెలియాలంటే, మర్నాడు వాళ్లు చూడని వస్తువొకటి, ఒక వంకాయో బంగాళాదుంపో ఇవ్వండి. వంకాయ తేలుతుంది, దుంప మునుగుతుంది. కానీ జవాబు కంటే కారణం వినండి. ‘బరువు’ అనే పిల్లవాడు కాయను నొక్కి చూసి ‘లోపల గాలుందా?’ అని అడిగితే, ఈ వయసుకు అంతే చాలు. సాంద్రత అనే మాట బడిలో తర్వాత నేర్చుకుంటాడు.