ఇసుక వేడి తేల్చే ఆడా మగా

శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలు ఇసుకలో గొయ్యి తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. పిల్లలు ఆడవో మగవో అప్పటికింకా తేలదు. వీటికి మనలా లింగ క్రోమోజోములు లేవు మరి! సుమారు యాభై రోజుల పొదుగుదలలో, నడిమి మూడో వంతు కాలంలో ఇసుక వేడే ఆ సంగతి తేలుస్తుంది. దాదాపు 29–30 డిగ్రీల దగ్గర రెండూ సమంగా పుడతాయి. వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ.

రాత్రి పైఇసుక చల్లబడ్డాక పిల్లలు గుంపుగా బయటికొస్తాయి. ఒకవైపు సరుగుడు తోటల నల్లని నీడ, మరోవైపు నీళ్లమీద దిగువగా పరుచుకున్న ఆకాశపు వెలుగు. ఆ వెలుగుకేసే పాకుతాయి. ఒడ్డున వీధిదీపం వెలిగితే మాత్రం దారి తప్పుతాయి. తెల్లారి చూస్తే, బుల్లి తెడ్డుకాళ్ల జాడలు రోడ్డువైపు తిరిగి ఉంటాయి.