నూలుచీరకు బెల్టు, పట్టుచీరకు పొట్టి కోటు

ఉగాది వచ్చేసరికి న్యూజెర్సీలో చలి పూర్తిగా పోదు. చీర నలిగిపోకుండా కారులో కూర్చోవాలి, హాల్లో పిల్లల వెంట తిరగాలి, పంక్తిలో వడ్డించాలి. ఈ కాలపు తీరులో కనిపించాలని బెల్టో కోటో వేసుకునేవాళ్లు ముందు చీర మందం చూసుకోవాలి.

నడుము దగ్గర లంగా బొందు, చీర చుట్లు, దోపిన కుచ్చిళ్లు కలిసి అప్పటికే బోలెడు పొరలుంటాయి. బరువైన ధర్మవరం పట్టు మీద బెల్టు బిగిస్తే నడుము సన్నగా కనిపించకపోగా, పైనా కిందా గుడ్డ ఉబ్బుతుంది. గంజి పెట్టిన నూలుదీ అదే తంతు. నాలుగు ఉతుకులకు మెత్తబడ్డ మంగళగిరి చీరో, క్రేప్ చీరో అయితే బెల్టు కింద బుద్ధిగా అణుగుతుంది.

బెల్టును బొందు మీదే పెడితే ఒకేచోట రెండు ఒత్తిళ్లు పడతాయి. తిన్నాక ఊపిరాడదు. బొందుకు రెండు అంగుళాలు పైన, పక్కటెముకల కింద నడుము సన్నబడే చోట పెట్టాలి. పైట మడతలు సర్ది, భుజం మీద పిన్ను పెట్టి, రెండు చేతులూ తలపైకెత్తి దించాకే బెల్టు పెట్టుకోవాలి. ఆ వదులు ముందే ఇవ్వకపోతే, వడ్డించడానికి చెయ్యి చాచగానే పైట లాగి పిన్ను దగ్గర చీర చిరుగుతుంది. కుర్చీలో కూర్చుని చూసుకున్నప్పుడు బెల్టు లోపలికి రెండు వేళ్లు సులువుగా దూరితే చాలు. వెనకవైపు ఎలాస్టిక్ ఉన్నది మేలు. బకిల్ అంచులు గరుకుగా ఉంటే జరీ పోగులు పట్టి లాగేస్తాయి, కొనేముందు వేలితో తడిమి చూడండి.

పట్టుచీరకు నా ఓటు కోటుకే. మా అక్క కూతురు వాళ్లమ్మ ధర్మవరం చీర మీదకు పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో ఒకటి కుట్టించుకుంది. తనకు భుజం నుంచి నడుము దాకా పదహారు అంగుళాలు. కోటు పొడవూ అంతే పెట్టించింది. మొదట తుంటి దాకా అనుకుంది కానీ, అలా అయితే కుచ్చిళ్ల మొదలు కప్పేసి మనిషి పొట్టిగా కనిపిస్తుంది. లోపల చేతుల్లేని బ్లౌజు, కోటుకు చంక దగ్గర కాస్త వదులు, నూలు లైనింగు. ముందు బొత్తాలు పెట్టలేదు కాబట్టి చీర అంచు ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. పైటను సన్నగా మడిచి కోటు లోపలే భుజానికి పిన్ను పెట్టింది. కొంగు వెనక కోటు కిందినుంచి జారుతుంది.

భుజం మీది పిన్ను పెద్దదైతే కోటు బరువుకు గుచ్చుకుంటుంది. చిన్నది తీసుకుని బ్లౌజు కుట్టు మీద పెట్టుకోవాలి. హాల్లో జనం నిండి ఉక్కపోసినప్పుడు కోటు తీసేయాల్సి వస్తుంది కనుక, లోపలి పైట బయటికి కనిపించేదే అన్నట్టు ముందే చక్కగా సర్దుకుంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి కుర్చీకి తగిలించేయొచ్చు.