పది రోజులు తెరవకపోయినా వాడిపోని పంట

2009లో ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ ఆడినవాళ్లకు స్ట్రాబెర్రీ పంట గుర్తుండే ఉంటుంది. విత్తిన 4 గంటల్లో కోతకు వచ్చేది. విత్తి మరిచిపోతే మర్నాటికి వాడిపోయి, దాని మీద పెట్టిన నాణేలు మట్టిపాలయ్యేవి. అందుకే చాలామంది ఆఫీసు పని మధ్యలోనూ అన్నం తింటూనూ పొలం తెరిచి చూసుకునేవారు. ఆట పెట్టిన వేళలకు తగ్గట్టు రోజును సర్దుకోవడం లక్షలాది మందికి అలా అలవాటైంది.

ఫార్మ్‌విల్ 2020 డిసెంబర్ 31న మూతపడింది. దాని పద్ధతి మాత్రం ఫోన్ ఆటల్లో పాతుకుపోయింది. రోజూ తెరిస్తే చిన్న బహుమతి, వరసగా ఏడో రోజు పెద్ద బహుమతి, రెండు మూడు వారాల్లో ముగిసే ఈవెంట్, సీజన్ దాటితే చెల్లని పాస్. రోజూ ఒకే వేళకు ఆడేవారికి ఇవన్నీ సరదాగానే ఉంటాయి. షిఫ్టులు మారుతుండే నర్సుకు, పరీక్షల హడావిడిలో ఉన్న విద్యార్థికి, ఫోన్‌లో ఆట ఉందన్న సంగతే వారం పాటు తోచని మనిషికి మాత్రం ఇవి వడ్డీలా పేరుకుపోతాయి. మళ్లీ తెరిచేసరికి ఏమేం పోయాయో ఆటే లెక్క చూపిస్తుంది. అది చూసి విసుగొచ్చి చాలామంది ఆటనే తీసేస్తారు.

అలాంటి మతిమరుపు ఉన్నవారు బొమ్మలు, రేటింగు చూసేకన్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం చిక్కు తీరిపోతుంది. ఈ ఆటను పది రోజులు తెరవకపోతే ఏమవుతుంది? కొన్ని ఆటల్లో ఏమీ కాదు. కొన్నింట్లో రావాల్సింది ఆలస్యంగా వస్తుంది. మరికొన్నింట్లో రావాల్సింది ఇక ఎప్పటికీ రాదు. తప్పుకోవాల్సింది ఈ చివరి రకం నుంచే.

ఆ చివరి రకంలో నష్టం ఎంత ఉంటుందో జెన్‌షిన్ ఇంపాక్ట్ లెక్కలు చూస్తే తెలుస్తుంది. 2020లో వచ్చిన ఈ ఆటకు ప్రపంచమంతటా అభిమానులున్నారు. ఇందులో రోజువారీ పనులు నాలుగు ఉంటాయి. అవి ముగిస్తే మొత్తం 60 ప్రిమోజెమ్స్ చేతికొస్తాయి. కొత్త పాత్ర కోసం ఒక్కసారి అదృష్టం పరీక్షించుకోవాలంటే 160 కావాలి. ఆటకు కొత్త వెర్షన్ సుమారు 6 వారాలకోసారి వస్తుంది. ఆ 42 రోజులూ తప్పకుండా వచ్చే ఆటగాడికి ఈ పనుల మీదే 2,520 జమవుతాయి, అంటే 15 ప్రయత్నాలకు సరిపోతాయి. మూడు రోజులకోసారి గుర్తొచ్చే ఆటగాడికి 840 మాత్రమే వస్తాయి. వాటితో 5 ప్రయత్నాలు చేయొచ్చు. తప్పిపోయిన రోజుల పనులను తర్వాత చేసుకునే వీలు లేదు.

ఇదే ఆటలో రెజిన్ అనే శక్తి ఒకటి ఉంది. పాత్రలను బలపరిచే సామగ్రి గెలుచుకోవాలంటే దాన్ని ఖర్చు పెట్టాలి. 8 నిమిషాలకు ఒకటి చొప్పున దానంతటదే నిండుతుంది. అంటే రోజుకు 180. కానీ దాని తొట్టి 200 దగ్గర ఆగిపోతుంది. ఖాళీ తొట్టి నిండడానికి 26 గంటల 40 నిమిషాలు చాలు. ఆ తర్వాత పుట్టాల్సినదంతా పుట్టకుండానే పోతుంది. మూడు రోజుల తర్వాత వచ్చినవాడికి 540 రావాల్సిన చోట 200 దొరుకుతాయి.

ఇక డబ్బు కట్టినవారి సంగతి. ఈ ఆటలో 30 రోజుల కార్డు ఒకటి అమ్ముతారు. కొన్న వెంటనే కొంత ఇచ్చి, ఆపైన రోజుకు 90 ప్రిమోజెమ్స్ ఇస్తారు. ఏ రోజుది ఆ రోజు లోపలికి వచ్చి తీసుకోవాల్సిందే, రానిరోజుది పోతుంది. మూడు రోజులకోసారి వచ్చేవాడు 2,700లో 900 మాత్రమే తీసుకుంటాడు. రోజూ ఆడేవాడికి చవక బేరంగా కనిపించే ఇలాంటి కార్డు మతిమరుపు మనిషికి ఏ ఆటలోనైనా దండగే. సీజన్ పాస్ కొంత నయం. చాలా ఆటల్లో అప్పటికే చేరుకున్న మెట్ల బహుమతులన్నీ పాస్ కొనగానే ఒక్కసారిగా తెరుచుకుంటాయి. కాబట్టి కొనాలనే ఉంటే సీజన్ ఆఖరి రోజుల్లో, ఎంత వరకు వచ్చామో చూసుకుని కొనడం మేలు.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. జెన్‌షిన్ ప్రధాన కథ, దాని విశాలమైన లోకం ఎక్కడికీ పోవు. ఏడాది తర్వాత వచ్చినా కథ ఆగిన చోటే ఎదురుచూస్తుంది. కొత్త పాత్రల మీద ఆశ పెట్టుకోకుండా ఊళ్లు తిరగడానికే ఆడేవాళ్లకు పై లెక్కలేవీ పెద్దగా అడ్డురావు. అంత నిగ్రహం తనకుందో లేదో ఎవరికి వారు చూసుకోవాలి.

మళ్లీ పొలాల దగ్గరికి వద్దాం. 2012లో వచ్చిన హే డే ఫార్మ్‌విల్‌కు తమ్ముడిలా కనిపిస్తుంది గానీ ఒక పెద్ద తేడా ఉంది. ఇందులో పండిన పంట వాడిపోదు. 2 నిమిషాల్లో పండే గోధుమను నెల తర్వాత వచ్చి కోసుకున్నా గింజ తగ్గదు. ఇక్కడ ఒత్తిడి మరో దారిలో వస్తుంది. నలుగురు కలిసి ఒక బృందంగా ఏర్పడితే వారం వారం డెర్బీ అనే పోటీ ఉంటుంది, అందులో ఒకరు పని చేయకపోతే బృందమంతా వెనకబడుతుంది. అవతల నిజమైన మనుషులు ఉంటారు కాబట్టి ఈ ఒత్తిడి బహుమతి పోవడం కన్నా ఎక్కువగా పిండుతుంది. డెర్బీలో పాల్గొననని ముందే పెట్టుకునే వీలు ఆటలోనే ఉంది. దాన్ని వాడుకున్నా, అసలు బృందంలో చేరకున్నా మతిమరుపు మనిషికి హే డే బాగానే సరిపోతుంది. తెరవగానే కనిపించే ఈవెంట్ల ప్రకటనలను మూసేసుకుంటూ ఉండాలి, అంతే.

ఏ మెలికా లేని పొలం కావాలంటే స్టార్‌డ్యూ వ్యాలీ ఉంది. ఎరిక్ బరోన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన ఈ ఆట 2016లో కంప్యూటర్లకు, 2018లో ఐఫోన్‌కు, 2019లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కుంటే చాలు. ఆ తర్వాత లోపల అమ్మేదేమీ ఉండదు, ప్రకటనలు రావు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు.

దీని గొప్పతనం గడియారంలో ఉంది. ఆటలో ఒక రోజంటే మన లెక్కలో సుమారు 14 నిమిషాలు, ఒక రుతువుకు 28 రోజులు. ఈ గడియారం ఆడుతున్నంతసేపే నడుస్తుంది. ఇక్కడా తొందర ఉంటుంది. కోతకు 12 రోజులు పట్టే కాలీఫ్లవర్‌ను వసంతంలో 16వ రోజు దాటాక నాటితే రుతువు మారేలోపు చేతికి రాదు, మొక్క చచ్చిపోతుంది. వసంతం 13వ రోజున జరిగే గుడ్ల పండగలో స్ట్రాబెర్రీ విత్తనాలు అమ్ముతారు. ఆ పండగకు వెళ్లకపోతే మళ్లీ ఏడాది వసంతంలో అదే తేదీన వస్తుంది. ఆ ఏడాది గడిచేది మనం ఆడినప్పుడే. 12వ రోజు రాత్రి పాత్రను పడుకోబెట్టి ఫోన్ పక్కన పెట్టి, సంక్రాంతికో దసరాకో మళ్లీ తెరిస్తే ఆటలో తెల్లారేది 13వ రోజే. ఆటలోని గడువులు ఆటకు రుచినిస్తాయి. మన క్యాలెండర్ మీద పడే గడువులే మోతబరువవుతాయి. ఆటను ఎంచుకునేటప్పుడు ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

లోపాలూ ఉన్నాయి. ఇందులో తెలుగు లేదు, ఇంగ్లిష్‌లో చాలా చదవాలి. రెండు నెలల తర్వాత తెరిస్తే ఏం చేస్తూ ఆపామో గుర్తుండదు. ఆటలోని జర్నల్‌లో మిగిలిన పనులు కనిపిస్తాయి గానీ మన సొంత ఆలోచనలు అందులో ఉండవు, అందుకని పడుకునే ముందు తర్వాతి పని ఏమిటో ఫోన్ నోట్స్‌లో ఒక్క ముక్క రాసుకోవడం మంచిది. అన్నిటికన్నా ముఖ్యం, ఆడినదంతా ఫోన్‌లోనే దాచి ఉంటుంది. యాప్ తీసేసినా ఫోన్ మార్చినా ఏళ్ల పొలం పోయే ప్రమాదం ఉంది. ముందే బ్యాకప్ చూసుకోవాలి.

డబ్బు కట్టాలని లేనివారికీ దారులున్నాయి. సైమన్ టాథమ్స్ పజిల్స్ పేరుతో చిన్న చిన్న బుర్రకు పదునుపెట్టే ఆటలు పదుల సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి, ప్రకటనలు లేవు, లాగిన్ లేదు. వాంపైర్ సర్వైవర్స్ కూడా ఉచితమే. ప్రకటన చూడాలా వద్దా అన్నది ఆడేవారి ఇష్టం. ఒక్కో ఆట అరగంటలో ముగిసిపోతుంది కాబట్టి ఎక్కడ ఆపామో గుర్తుంచుకునే పనీ లేదు.

కొత్త ఆట పేరు విన్నప్పుడు ఇవన్నీ ముందే పసిగట్టడం ఎలా? స్టోర్ పేజీయే చాలా చెబుతుంది. యాపిల్ యాప్ స్టోర్‌లో ఇన్-యాప్ పర్చేజెస్ మీద నొక్కితే అమ్మే వస్తువుల పేర్లు కనిపిస్తాయి. అక్కడ మంత్లీ కార్డ్, బ్యాటిల్ పాస్, సీజన్ పాస్ ఉంటే ఆ ఆట రోజూ రమ్మంటుందని అర్థం. ప్లే స్టోర్‌లో పేర్లు ఉండవు, ధరల హద్దులే ఉంటాయి. అక్కడ ఈవెంట్లు, ఆఫర్ల ప్రకటనలు పేజీ మీదే కనిపిస్తున్నాయేమో చూడాలి. కొత్తగా ఏం మారిందో చెప్పే చోట ప్రతిసారీ ఏదో సీజన్ మొదలైందని రాసి ఉంటే సంగతి తేలిపోయినట్టే. ప్లే స్టోర్‌లో డబ్బు పెట్టి కొన్న ఆట నచ్చకపోతే 2 గంటల్లోపు అక్కడే రీఫండ్ అడగొచ్చు.

ఉచిత ఆటకైతే ఇంకా నికరమైన పరీక్ష ఉంది. దించుకుని ఒక గంట ఆడి, కావాలనే మూడు రోజులు వదిలేయాలి. నాలుగో రోజు తెరిచి హాజరు క్యాలెండర్ చూడాలి. వరస మళ్లీ ఒకటో రోజుకు పడిపోయిందా, ఆగిన చోటి నుంచే కొనసాగుతోందా? రెండోదైతే పరవాలేదు, బహుమతి ఆలస్యమవుతుందే గానీ పోదు. అసలు ఆట మొదలయ్యేలోపు ఎన్ని ప్రకటనలు మూయాల్సి వచ్చిందో, ఎన్ని ఎర్ర చుక్కలు వెలిగాయో కూడా చూడాలి. ఎంత నచ్చిన ఆటైనా ఈ మూడు రోజులు పూర్తయ్యేవరకు ఒక్క రూపాయి పెట్టకూడదు.

ఒకే ఆట ఈ రెండు రూపాల్లోనూ వచ్చిన సందర్భం ఉంది. నింటెండో తెచ్చిన యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ 2017 నుంచి ఉచితంగా, ఇంటర్నెట్ మీద, ఈవెంట్లతో నడిచింది. 2024 నవంబరులో దాన్ని మూసేసి, డిసెంబరులో ఒక్కసారి కొనుక్కునే కంప్లీట్ అనే వెర్షన్ ఇచ్చారు. ఇందులో లోపల డబ్బు పెట్టి కొనేదేమీ లేదు. అయితే దాని రుతువులు, ఈవెంట్లు ఇప్పటికీ మన క్యాలెండర్ ప్రకారమే వస్తాయి. డబ్బు కట్టి కొనే ఆటైనంత మాత్రాన తేదీల బెడద లేదని నమ్మడానికి వీల్లేదు. పది రోజుల ప్రశ్న దానికీ వేయాల్సిందే.